రాత్రి రెండు గంటల ప్రశ్న

*గుండె భేషుగ్గా ఉందని డాక్టర్లు చెబుతారు. చావు గురించి ఆలోచించొద్దని ఇంట్లోవాళ్లు చెబుతారు. రెండు మాటలూ విన్నాక కూడా నిద్ర పట్టని వాళ్ల సంగతేమిటి?*

నంద్యాల సంజీవనగర్‌లో ఒక మేడ మీది వాటా. రాత్రి రెండవుతోంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎడమచేతి వేలికి ఆక్సీమీటర్ తగిలించుకున్నాడు. ఆక్సిజన్ 98, నాడి 124. నమ్మకం కుదరక తీసి కుడిచేతి వేలికి పెట్టుకున్నాడు. ఈసారి 128. అరచేతులు చెమటలు పట్టాయి, పెదాల చుట్టూ తిమ్మిరెక్కింది, ఎంత పీల్చినా గాలి చాలడం లేదు.

"మళ్ళా వచ్చిందా?" భార్య లేచి లైటేసింది.

"ఈసారి వేరేగా ఉంది. నిజంగానే పోతానేమో."

హాల్లోంచి తల్లి గొంతు: "ఏం నాయనా, యాడ నొస్తాంది?"

పావుగంటలో ఆటో, ఇంకో పది నిమిషాల్లో ఆస్పత్రి. ఛాతీ మీద వైర్లు అంటించారు, ఈసీజీ కాగితం బయటికొచ్చింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం లేదన్నా, గ్యాస్ అయ్యుంటుంది. టెన్షన్ పెట్టుకోవద్దు" అన్నాడు. రెండు నెలల్లో అదే మాట వినడం ఇది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ ఊరట దొరికింది. ఆ ఊరట మర్నాడు సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ఇది ఒక్క మనిషి కథ కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఇలాంటి రాత్రులు గడిపే ఎందరి అనుభవమో కలిపి ఒక మనిషిగా ఇక్కడ చెబుతున్నాను. ఆయన్ని విత్తనాల కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్ అనుకుందాం. సొంతూరు ఆళ్లగడ్డ దగ్గరి పల్లె. తండ్రి 2021లో కరోనా రెండో విడతలో పోయాడు.

ఫోన్‌లోంచి వచ్చే చావు

పెళ్లి బరాత్‌లో డ్యాన్స్ చేస్తూ ఒక కుర్రాడు కుప్పకూలతాడు. జిమ్‌లో ఒకరు బెంచీ మీంచి పక్కకి ఒరిగిపోతారు. అర నిమిషం వీడియో, ఏ ఊరో తెలియదు, ఎప్పటిదో తెలియదు. కుటుంబం గ్రూపులో ఒకరు పెడితే, బడి స్నేహితుల గ్రూపులో ఇంకొకరు పెడతారు. వాటికి తోడు అందరికీ తెలిసిన మరణాలు ఉండనే ఉన్నాయి. 2021 అక్టోబర్‌లో పునీత్ రాజ్‌కుమార్, 46 ఏళ్లు. 2022 ఫిబ్రవరిలో మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి, 50 ఏళ్లు. 2023 జనవరిలో కుప్పంలో కూలిపోయి, మూడు వారాల తర్వాత కన్నుమూసిన తారకరత్న, 39 ఏళ్లు. చూడటానికి ఆరోగ్యంగా ఉండి, మంచి వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లే పోతే మన సంగతేమిటని జనం అనుకోవడం సహజం.

పూర్వం ఊళ్లో చావు మనకు తెలిసిన ముఖంతో వచ్చేది. ఆ మనిషి వయసెంతో, ఏం జబ్బో, ఎన్నాళ్లు తీసుకున్నాడో తెలిసేది. పాడె వెంట నడిచేవాళ్లం, దినాలకు వెళ్లేవాళ్లం. ఫోన్‌లో వచ్చే చావుకు ముందూ లేదు, వెనకా లేదు. కూలిపోవడం ఒక్కటే కనిపిస్తుంది. చూసినవాడి దగ్గర మిగిలేదల్లా తన ఛాతీ మీద తన చెయ్యి.

> పరిశోధన ఏం తేల్చింది?
> 18–45 ఏళ్ల మధ్యవాళ్ల ఆకస్మిక మరణాలపై ఐసీఎంఆర్ దేశంలోని 47 పెద్దాస్పత్రుల ద్వారా అధ్యయనం చేసి, 2023లో ఫలితాలు ప్రకటించింది. కారణం తెలియని 729 మరణాలను అది పరిశీలించింది. కరోనా టీకా ముప్పు పెంచలేదని తేలింది. కరోనాతో ఆస్పత్రిలో చేరి ఉండటం, ఇంట్లో ఆకస్మిక మరణాల చరిత్ర, చనిపోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం, మత్తుమందులు వాడటం, తీవ్రమైన శారీరక శ్రమ వంటివి ముప్పుతో ముడిపడి కనిపించాయి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి రాత్రుల గుట్టు విప్పాడు. ఒంట్లో ఏదో చిన్న మార్పు వస్తుంది. మెట్లెక్కినందుకో, కాఫీ తాగినందుకో, ఏ కారణమూ లేకుండానో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. దాన్ని మనసు "ఇదే అది" అని చదువుకుంటుంది. ఆ చదువుకు శరీరం అడ్రినలిన్‌తో జవాబిస్తుంది, దాంతో గుండె ఇంకా వేగం పుంజుకుంటుంది. అప్పుడు మనసుకు తన అనుమానమే రుజువైనట్టు అనిపిస్తుంది. ఈ సుడి సాధారణంగా పది నిమిషాల్లోపు శిఖరానికి చేరుతుంది, తర్వాత తనంతట తానే దిగుతుంది. పెదాల చుట్టూ తిమ్మిరికీ కారణముంది. భయంలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, వేళ్లూ పెదాలూ జివ్వుమంటాయి. గాలి చాలడం లేదనిపిస్తుంది గానీ, నిజానికి అప్పుడు తీసుకుంటున్నది ఎక్కువ గాలి.

మన సూపర్‌వైజర్ మనిషి మంచివాడు, జాగ్రత్తపరుడు. ఆ జాగ్రత్తే ఆయన్ని పట్టుకుంది. నాడి చూసుకోవడం రోజుకు నలభైసార్లు దాటింది. భార్యను "నా మొహం తెల్లబడిందా?" అని అడుగుతాడు. కర్నూలుకు ఒక్కడే బండి మీద వెళ్లడం మానేశాడు. ఎవరైనా పోయారంటే చూడటానికి పోడు. దినపత్రికలో శ్రద్ధాంజలి పేజీ వస్తే తిప్పేస్తాడు. ఏటా ఎక్కే ఎగువ అహోబిలం కొండ ఈసారి ఎక్కలేదు. చొక్కా జేబులో అల్ప్రాజొలామ్ మాత్ర ఉంటేనే గడప దాటుతాడు. తల్లి కట్టించిన అంత్రం స్నానానికి తీస్తే దడ మొదలవుతుంది. ఆమె ప్రేమతో కట్టించింది, అందులో తప్పేమీ లేదు. కానీ ఆయన దాన్నీ ఆక్సీమీటర్ లాగానే వాడుతున్నాడు. తనను కాపాడుతున్నది అదేనని మనసు లెక్క రాసుకుంటోంది. అది లేకపోయినా బతికేవాణ్ణేనని తెలుసుకునే అవకాశం ఆయనకు రావడం లేదు.

> గుండెపోటా, భయమా?
> మొదటిసారి వస్తే మీరే తీర్పు చెప్పుకోవద్దు, ఆస్పత్రికి వెళ్లండి. నడుస్తుంటేనో బరువెత్తుతుంటేనో ఛాతీ బిగపట్టడం, నొప్పి దవడకో చేతికో పాకడం, చల్లటి చెమటలతో పావుగంటకు మించి తగ్గకపోవడం, శ్రమలో ఉండగా స్పృహ తప్పడం, ఇంట్లో చిన్న వయసులో ఆకస్మిక మరణాలు ఉండటం – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, నీరసం, వాంతులతో కూడా గుండెపోటు రావచ్చు. డాక్టరు ఒకసారి పూర్తిగా పరీక్షించి గుండె బాగుందని చెప్పాక కూడా అదే తీరులో మళ్లీ మళ్లీ వచ్చి, పది నిమిషాల్లో ఉధృతమై అరగంటలో దిగిపోతుంటే ప్యానిక్ అటాక్ అయ్యే అవకాశం ఎక్కువ.

అహోబిలం చెప్పే కథ

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం ఎంతో దూరం లేదు. ఎగువన ఉగ్రస్తంభం చూపించి, నరసింహుడు చీల్చుకు వచ్చింది ఇక్కడేనని చెబుతారు. ఆ కథలో హిరణ్యకశిపుణ్ణి మనం అహంకారిగానే చూస్తాం. భాగవతం సప్తమ స్కంధం మొదట్లో ఆయన ఇంకో రూపంలో కనిపిస్తాడు. తమ్ముడు హిరణ్యాక్షుడు చనిపోయాడు. తల్లి దితి, తమ్ముడి భార్య కుమిలిపోతున్నారు. వాళ్లను ఓదార్చింది హిరణ్యకశిపుడే. శరీరం పోయేదే, ఆత్మకు చావు లేదంటూ వేదాంతమంతా చెప్పాడు. సుయజ్ఞుడనే రాజు చనిపోతే యముడు పసివాడి వేషంలో వచ్చి రాణులను ఊరడించిన కథ కూడా చెప్పాడు. ఎంతో బాగా చెప్పాడు, తల్లి తేరుకుంది.

చెప్పినవాడు మాత్రం తేరుకోలేదు. అక్కణ్ణుంచి నేరుగా చావు లేని వరం కోసం తపస్సుకు వెళ్లాడు. పగలు వద్దు, రాత్రి వద్దు. లోపల వద్దు, బయట వద్దు. మనిషి చేత వద్దు, మృగం చేత వద్దు. నేల మీద వద్దు, నింగిలో వద్దు. ఒక్కో తలుపే మూసుకుంటూ పోయాడు. ఈసీజీ అయ్యాక ఎకో, ఎకో అయ్యాక టీఎంటీ, అది కూడా బాగుంటే హైదరాబాదులో ఇంకో డాక్టరు అని తిరిగే మనిషికి ఈ జాబితా కొత్తగా అనిపించదు. ప్రతి తలుపూ మూశాక మనసు ఇంకో సందు వెతుకుతుంది. అడుగుతున్నది "ఇప్పుడు గుండె ఎలా ఉంది?" అని కాదు, "నేను ఎప్పటికీ పోనని రాసిస్తారా?" అని. ఆ కాగితం ఏ ఆస్పత్రీ ఇవ్వదు.

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది తల్లికి చెప్పిన ఆ వేదాంతం. అది అబద్ధం కాదు. కానీ నోటికి వచ్చిన తత్వం ఒంట్లోని భయాన్ని తాకలేదు. ఈరోజు యూట్యూబులో ప్రవచనాలు గంటల తరబడి వింటూ, వింటున్నంతసేపే కుదురుగా ఉండేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఒంటి భయానికి ఒంటితోనే పని చేయాలి. చావు గురించిన ప్రశ్న సంగతి వేరే చూడాలి. రెంటినీ కలిపేస్తే రెండూ తెగవు.

ముందు ఒంటి సంగతి

ఇలాంటి భయానికి చేసే చికిత్సకు సీబీటీ అని పేరు. సాధారణంగా వారానికొకసారి, పది పన్నెండు వారాలు పడుతుంది. మన సూపర్‌వైజర్ సైకాలజిస్టు దగ్గర మొదటి వారం చేసిన పని ఒక్కటే. నాడి చూసుకున్న ప్రతిసారీ కాగితం మీద గీత పెట్టడం. ఒక్కరోజులో నలభై మూడు గీతలు చూసి ఆయనే నివ్వెరపోయాడు. తర్వాత దాన్ని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లకు కుదించారు. నెల తిరిగేసరికి ఆక్సీమీటర్‌ను బీరువాలో పెట్టి తాళంచెవి భార్యకిచ్చాడు. మొదటి మూడు రోజులు భయం పెరిగింది. ఇది అందరికీ జరిగేదే, ఇక్కడే చాలామంది చికిత్స పనిచేయడం లేదని మానేస్తారు. ఆ తర్వాత తగ్గడం మొదలైంది.

నాలుగో వారం సైకాలజిస్టు ఆయన్ని ఒక నిమిషం గబగబా ఊపిరి తీయమంది. ముప్పై సెకన్లకే వేళ్లు జివ్వుమన్నాయి, తల తిరిగింది, పెదాలు మొద్దుబారాయి. ఆయన కళ్లు పెద్దవి చేసి, "ఇదే మేడం! రాత్రి వచ్చేది ఇదే" అన్నాడు. తాను చావు అని నమ్మిన దాన్ని పగటిపూట కుర్చీలో కూర్చుని, తన ఊపిరితో తానే తెచ్చుకుని, రెండు నిమిషాల్లో అది పోవడం కళ్లారా చూశాడు. తర్వాత మెట్లు గబగబా ఎక్కడం, ఒకచోట నిలబడి నిమిషం పరుగెత్తడం చేయించింది. గుండె వేగం పెరగడాన్ని మళ్లీ మామూలు విషయంగా ఒంటికి అలవాటు చేయడమే దీని పని. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరు ఒప్పుకోకుండా వీటిని చేయకూడదు.

మాత్రల మాట. అల్ప్రాజొలామ్ వంటివి పావుగంట, అరగంటలో నెమ్మదింపజేస్తాయి, అందుకే చేతులు మారుతుంటాయి. వారాల తరబడి వాడితే అలవాటు పడతాం, ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. అవసరమైనవాళ్లకు సైకియాట్రిస్టులు సాధారణంగా ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి ఇస్తారు. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, అలవాటుగా మారే మందులు కావు. అయినా ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించాలి.

ఇక ప్రశ్న సంగతి

ప్యానిక్ తగ్గాక అందరూ పని అయిపోయిందనుకుంటారు. ఆయనకు అలా కాలేదు. గుండె కుదుటపడ్డాక ప్రశ్న ఇంకా స్పష్టంగా వినిపించింది. "సరే, ఈ రాత్రి పోను. ఏదో ఒకరోజు పోతాను కదా? అప్పుడేమవుతుంది? ఇదంతా ఎందుకు?"

మన ఇళ్లలో ఇలాంటి మాట నోట్లోంచి రాగానే పెద్దవాళ్లు అడ్డుకుంటారు. "పైన తథాస్తు దేవతలుంటారు, అట్లాంటి మాటలు అనొద్దు." వాళ్ల భయం వాళ్లది. కానీ అడ్డుకున్న ప్రశ్న పోదు, రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుంది. పరీక్షిత్తు కథలో దీనికి పూర్తిగా వేరే దారి ఉంది. ఏడు రోజుల్లో పోతావని తెలిశాక గంగ ఒడ్డున కూర్చున్న ఆ రాజు చుట్టూ మునులు చేరారు. ఆయన అడిగింది చావబోయేవాడు చేయాల్సిందేమిటని. "ఏం కాదులే మహారాజా" అని ఎవరూ అనలేదు. ఆ ప్రశ్నకు ఏడు రోజులూ కేటాయించారు, శుకుడు చెప్పాడు. కూర్చోవడానికొక చోటు, వినడానికొక మనిషి, దానికంటూ ఒక సమయం దొరికాయి.

సైకాలజిస్టు సూపర్‌వైజర్‌కు ఇచ్చిందీ ఇలాంటిదే. సాయంత్రం దీపాలు పెట్టే వేళ అరగంట, మేడ మీద కుర్చీలో, ఒక నోటు పుస్తకంతో. మంచం మీద మాత్రం వద్దంది. రాత్రి ప్రశ్న వస్తే ఒక్క ముక్క రాసి రేపటి అరగంటకు వదిలేయాలి. ఆ అరగంటలో ఎంత లోతుగానైనా ఆలోచించవచ్చు, కంటతడి పెట్టవచ్చు, ఖురానో గీతో బైబిలో నాస్తికుల పుస్తకమో చదవవచ్చు. ఒక పరీక్ష మాత్రం పెట్టుకోవాలి. అరగంట తర్వాత ఒక్క కొత్త మాటైనా రాశానా, లేక మొదటి వాక్యమే ఇరవైసార్లు తిరిగిందా? కొత్త మాట వస్తే అది ఆలోచన. అదే వాక్యం తిరుగుతుంటే, అది ప్రశ్న వేషంలో ఉన్న భయం. నూటికి నూరు పాళ్ల హామీ కోసం అడుగుతోంది. అప్పుడు పుస్తకం మూసి లేవాలి.

రాస్తున్నకొద్దీ ఆయనకు తేలిందేమిటంటే, చావు భయం ఒక్కటి కాదు. నొప్పి పడతానేమోనన్న భయం ఒకటి. నేను పోతే పిల్ల చదువేమవుతుందన్నది ఇంకొకటి. అసలు నేనంటూ లేకపోవడమేమిటన్న భయం వేరు. బతకాల్సినట్టు బతకలేదన్న దిగులు వేరు. అన్నిటికీ ఒకే మందు వేయడం వల్లే ఏదీ తగ్గడం లేదు. పిల్ల చదువు భయానికి తత్వం అక్కర్లేదు. ఆయన బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాయించాడు, టర్మ్ పాలసీ తీసుకున్నాడు, పొలం కాగితాలు ఎక్కడున్నాయో భార్యకు చూపించాడు. ఆ ఒక్క వారంలో నోటు పుస్తకంలో రెండు పేజీలు ఖాళీగా మిగిలాయి.

బతకలేదన్న దిగులు గురించి స్టాన్‌ఫర్డ్ సైకియాట్రిస్టు ఇర్విన్ యాలోమ్ ఎన్నో ఏళ్లు పనిచేశాడు, 2008లో దాని మీదే ఒక పుస్తకం రాశాడు. తమ జీవితాన్ని తాము జీవించలేదనుకునేవాళ్లను చావు భయం ఎక్కువ పీడిస్తుందని ఆయన అనుభవం. సూపర్‌వైజర్ విషయంలో అది గట్టు తగాదాగా తేలింది. అన్నతో ఆరేళ్లుగా మాటల్లేవు. "చచ్చేలోపు మాట్లాడాల్సింది" అని పుస్తకంలో రాసుకుని, దాని కిందే అన్న ఫోన్ నంబరు వేసుకున్నాడు.

ఇక లేకపోవడమన్న భయం. దీనికి జవాబు ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను. నమ్మకం ఉన్నవాళ్లకు నమ్మకం ఆసరా. లేనివాళ్లకు ఆ ప్రశ్నను తోటివాళ్లతో పంచుకోవడమే ఆసరా. చికిత్స పూర్తయ్యాక కూడా అప్పుడప్పుడూ కడుపులో ఆ ఖాళీ తగులుతుంది. తగిలినప్పుడు ఆటో ఎక్కాల్సిన పని లేకపోవడమే మార్పు.

ఆగిపోయిన దుఃఖం

పుస్తకంలో చాలా పేజీలు తండ్రివే. 2021లో ఆస్పత్రి నుంచి మూట కట్టిన శరీరం వచ్చింది, ముఖం చూడనివ్వలేదు. నలుగురు కూడా లేకుండా దహనం అయిపోయింది, దినాలు పేరుకు జరిగాయి. ఆ తర్వాత ఆయన ఏ చావింటికీ వెళ్లలేదు.

ఈ సీమలో దుఃఖానికి వీధిలో చోటుంది. మొహర్రంలో పీర్ల వెంట ముస్లింలతో పాటు హిందువులూ నడుస్తారు. క్రైస్తవులు సమాధుల పండుగనాడు కుటుంబాలతో వెళ్లి, సమాధులు కడిగి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పదకొండో రోజు, నలభయ్యో రోజు, ఏడాది తిథి అంటూ వచ్చే గడువులన్నీ దుఃఖాన్ని ఒకేసారి మీద పడనివ్వక విడతలుగా మోయించే ఏర్పాట్లు. కరోనా ఆ ఏర్పాటును తెంచింది. రాత్రి దడతో వచ్చే చాలామందిని కాస్త ఓపికగా అడిగితే, సరిగా సాగనంపలేకపోయిన మనిషి ఒకరు బయటపడతారు. ఈసీజీ తీసేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడిగితే ఎంత బాగుంటుంది!

ఈ ఏడు తండ్రి తిథికి ఆయన ఊరికి వెళ్లాడు. అన్నను పిలిచాడు, అన్న వచ్చాడు. తండ్రిని ఎరిగిన వాళ్లందరికీ భోజనాలు పెట్టి, ఆయన గురించి ఒక్కొక్కరూ ఒక మాట చెప్పాలన్నాడు. మధ్యాహ్నం మొదలైన మాటలు పొద్దుగూకే దాకా సాగాయి.

> ఎవరిని అడగాలి?
> టెలీ మానస్: 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. కర్నూలు సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తగ్గి, దేని మీదా ఆసక్తి లేకుండా పోతే డాక్టరును కలవాలి. "ఎందుకు బతకాలి?" అన్న ప్రశ్న "చచ్చిపోతే బాగుండు"లోకి జారితే రేపటిదాకా ఆగొద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

పిల్లలు అడిగితే

ఇంట్లో ఇంత జరుగుతుంటే పిల్లలు గమనించకుండా ఉండరు. సూపర్‌వైజర్ కూతురికి ఏడేళ్లు. నాన్నను రాత్రిపూట ఆటోలో తీసుకెళ్లడం మూడుసార్లు చూసింది. ఒకరోజు అన్నం తింటూ, "నాయనా, నువ్వు కూడా తాత మాదిరి చచ్చిపోతావా?" అని అడిగింది. నాయనమ్మ వెంటనే, "థూ, ఏం మాటలే అవి!" అంది.

ఏడేళ్ల వయసుకు చావు తిరిగిరానిదని, అందరికీ వస్తుందని పిల్లలకు కొద్దికొద్దిగా అర్థమవుతుంటుంది. తాత నిద్రపోయాడంటే పడుకోవడానికి భయపడతారు. దేవుడికి నచ్చి తీసుకుపోయాడంటే, దేవుడికి నచ్చకుండా ఉండటమెలాగా అని చూస్తారు. ఎప్పటికీ చావనని మాటిస్తే అది నిజం కాదని వాళ్లకూ తెలుసు, ఇక అడగడం మానేస్తారు. చచ్చిపోవడమన్న మాటనే వాడాలి. అడిగినంతకే జవాబివ్వాలి.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "అందరూ ఒకరోజు చచ్చిపోతారమ్మీ, నేను కూడా. చానామంది ముసలోళ్లయినంక పోతారు. నాకు దడ వచ్చింది గానీ, గుండె బాగుందని డాక్టర్ చెప్పినాడు. నాకేమన్నా అయితే నిన్ను చూసుకునేదానికి అమ్మ ఉంది, నాయనమ్మ ఉంది, పెదనాయన ఉన్నాడు."

పాప కాసేపు ఆలోచించి, "పెదనాయన మనతో మాట్లాడతాడా ఇప్పుడు?" అని అడిగింది.

"మాట్లాడతాడు. ఆదివారం వస్తానన్నాడు."